సంక్రాంతి ఆఫర్‌కి అరనిమిషం రీల్: స్క్రిప్టు ఎలా రాయాలి

రావులపాలెంలో ఒక మిఠాయి దుకాణం ఉందనుకోండి. ధనుర్మాసం మొదలైంది, వాకిళ్లలో ముగ్గులు పెరుగుతున్నాయి, హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్ల టిక్కెట్లు ఎప్పుడో అయిపోయాయి. దుకాణం ఆయన ఆలోచన ఒకటే: పండగ వారంలో అందరూ ఒకేసారి మీద పడితే వండటానికి మనుషులు చాలరు. అందుకే జనవరి 8లోపు ముందుగా బుక్ చేసుకున్నవాళ్లకి ఏదో ఒకటి కలిపి ఇద్దామనుకున్నాడు. దానికో రీల్ కావాలి. ఆ రీల్‌కి స్క్రిప్టు రాసేది మీరు. ఇదే దుకాణాన్ని పట్టుకుని మొదటి నుంచి చివరిదాకా రాసుకుంటూ పోదాం. మీది పాలకొల్లు బట్టల కొట్టైనా, అమలాపురం నగల దుకాణమైనా సరుకు మారుతుంది గానీ పని వరస మారదు.

ముందు ఆఫర్‌ని ఒక్క వాక్యంలో పెట్టండి

కెమెరా సంగతి, చూసేవాళ్లని ఆపే మొదటి మాట, అంటే హుక్ సంగతి తర్వాత. ముందు దుకాణం ఆయన దగ్గర కూర్చుని ఆఫర్ ఏంటో అడగండి. ఆయన ఐదు చెబుతాడు. వెయ్యి దాటితే పది శాతం, రెండు వేలు దాటితే గిఫ్టు, కిలో కాజా మీద పావుకిలో మిక్చర్, లక్కీ డ్రా, ఇంకా ఏదో. అవన్నీ దుకాణం ముందు ఫ్లెక్సీకి పనికొస్తాయేమో గానీ అరనిమిషం వీడియోలో పట్టవు. రెండో ఆఫర్ వినపడగానే చూసేవాళ్లకి మొదటిది గుర్తుండదు. కాబట్టి ఒక్కటే తేల్చమనండి. ఇక్కడ గట్టిగా నిలబడాల్సింది మీరే, ఎందుకంటే రేపు వీడియో తేలిపోతే మాట పడేది కూడా మీరే.

మన దుకాణానికి తేలింది ఇది. సంక్రాంతి సారె పెట్టె: కిలో అరిసెలు, కిలో సున్నుండలు, అరకిలో జంతికలు, వెరసి ₹1,290. జనవరి 8లోపు బుక్ చేస్తే 10 నేతి పూతరేకులు ఉచితం. జనవరి 12 నుంచి దుకాణానికి వచ్చి తీసుకెళ్లాలి.

ఇందులో నాలుగు సంగతులు ఉన్నాయి చూడండి: ఏంటి, ఎంత, ఎప్పటిలోగా, ఎక్కడ. ఒక్కటి తగ్గినా కామెంట్లలో అదే ప్రశ్న వంద సార్లు వస్తుంది. "పరిమిత కాలం మాత్రమే" అనే మాట మాత్రం రాయకండి. అది తారీకు చెప్పడం ఇష్టం లేనివాళ్లు వాడే మాట. "రేపే ఆఖరు" కూడా వద్దు. మీరు ఈవేళ పెట్టిన రీల్ కొందరికి నాలుగు రోజుల తర్వాత కనబడుతుంది, అప్పుడు ఆ "రేపు" ఏ రోజో వాళ్లకి తెలియదు. తారీకే చెప్పాలి.

"ఉచితం" అన్న మాట దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూన్‌లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఊరికే ఇస్తున్నామని చెప్పి దాని ఖరీదు ఇంకో దారిలో రాబట్టడం వాటి ప్రకారం కుదరదు. అంటే మామూలు రోజుల్లో అరిసెలు కిలో ₹480 అమ్ముతూ, ఈ పెట్టెలో మాత్రం ₹600 లెక్కేసి, పూతరేకులు ఫ్రీ అనకూడదు. మన లెక్క సరిగ్గానే ఉంది: అరిసెలు 480, సున్నుండలు 640, జంతికలు 170, మొత్తం 1,290. రోజూ అమ్మే ధరలే. ఇంకో సంగతి, షరతు ఏదైనా ఉంటే ఆఫర్ ఏ భాషలో చెప్పారో ఆ భాషలోనే, కనపడేలా చెప్పాలి. ఆఫర్ తెలుగులో పెద్దక్షరాల్లో పెట్టి, కింద చీమ తలకాయంత ఇంగ్లీషు గీత గీస్తే చెల్లదు. మొదటి 200 పెట్టెలకే అని దుకాణం ఆయన మనసులో ఉంటే ఆ 200 వీడియోలో కనపడాల్సిందే. కొని తిన్నవాళ్లు మర్చిపోతారేమో గానీ, దొరక్క వెనక్కెళ్లినవాళ్లు ఊరంతా చెబుతారు.

ఇప్పుడు చివరి వాక్యం రాయండి

హుక్ చివర్లో రాయాలి. వినడానికి తలకిందులుగా ఉంటుంది గానీ, జనం ఏం చేయాలని మనం కోరుకుంటున్నామో తేలకుండా వాళ్లని ఎక్కడ ఆపాలో మనకి తెలియదు. కాబట్టి ముందు ఆఖరి మాట చూద్దాం.

చాలామంది వీడియో చివర ఫోన్ నంబరు వేసి ఊరుకుంటారు. చూసేవాళ్ల వైపు నుంచి చూడండి. వీడియోలో నంబరు కాపీ అవదు. పెన్ను తెచ్చుకుని రాసుకునేంత ఓపిక ఎవరికీ లేదు. క్యాప్షన్లో లింకు పెట్టినా ఇన్‌స్టాగ్రామ్‌లో అది నొక్కితే తెరుచుకోదు, యూట్యూబ్ షార్ట్స్ డిస్క్రిప్షన్‌లోనూ అంతే. నొక్కగలిగేది ప్రొఫైల్లో పెట్టిన లింకు ఒక్కటే. అక్కడ నేరుగా వాట్సాప్ తెరుచుకునే లింకు పెట్టండి, మెసేజ్ కూడా ముందే రాసి ఉంటుంది:

```
https://wa.me/91XXXXXXXXXX?text=saare
```

91 తర్వాత దుకాణం నంబరు, మధ్యలో ఖాళీలు, ప్లస్ గుర్తు లేకుండా. నొక్కినవాళ్లకి దుకాణం చాట్ తెరుచుకుని, టైపు చేసే చోట saare అని సిద్ధంగా ఉంటుంది. వాళ్లు పంపడమే తరువాయి. ఆ మాటతో వచ్చిన ప్రతి మెసేజూ ఈ లింకు నుంచే వచ్చిందని మీకూ లెక్క తెలుస్తుంది.

అయితే ఇదే వీడియోని దుకాణం ఆయన తన వాట్సాప్ స్టేటస్‌లో కూడా పెడతాడు. అక్కడ చూసేవాళ్లు ఆయన కాంటాక్టుల్లో ఉన్న పాత ఖాతాదారులు. వాళ్లకి "ప్రొఫైల్లో లింకు" అంటే అర్థం కాదు, "ఇక్కడే రిప్లై ఇవ్వండి" అంటే చాలు. అందుకని ఆఖరి మాట రెండు రకాలుగా రాసి, రెండూ రికార్డు చేసి ఉంచుకోండి. ఎడిటింగ్‌లో తోక మార్చి రెండు వీడియోలు తీయడం నిమిషాల పని.

ఇక హుక్

వేలు తెర మీదే ఉంటుంది. పైకి తోసేయాలా ఆగాలా అన్నది మూడు సెకన్లలోపే తేలిపోతుంది. ఆ మూడు సెకన్లలో "నమస్తే అండీ, మా దుకాణానికి స్వాగతం" అంటే అయిపోయినట్టే. లోగో గిరగిరా తిరగడం, దుకాణం బోర్డు, గుమ్మానికి కట్టిన బంతిపూల దండ, ఇవన్నీ దుకాణం ఆయనకి అపురూపం, చూసేవాళ్లకి కాదు. పేరు చివర్లో చెప్పుకోవచ్చు.

కనీసం మూడు హుక్‌లు రాయండి. మూడూ మూడు వైపుల నుంచి రావాలి. మన దుకాణానికి నేనైతే ఇలా మొదలుపెడతాను.

మొదటిది ధర వైపు నుంచి: "పది పూతరేకులు ఊరికే ఇస్తున్నాం." సూటిగా ఉంది, తప్పు లేదు. కానీ ఆ వారంలో ప్రతి దుకాణమూ ఏదో ఒకటి ఊరికే ఇస్తానంటూ అరుస్తుంటుంది. ఆ గోలలో ఇదొకటి.

రెండోది కంటికి పట్టేది. బోర్లించిన కుండ, కింద మంట, పల్చటి బియ్యప్పిండి నీళ్లలో ముంచిన గుడ్డ కుండ మీద ఒక్కసారి లాగడం, రెప్పపాటులో కాగితంలాంటి రేకు లేచి రావడం. చూడ్డానికి ఎంత బాగుంటుందో చెప్పక్కర్లేదు. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చాక ఆ దృశ్యం ఇంకా ఎక్కువగా తిరుగుతోంది. చిక్కు కూడా అక్కడే ఉంది. చూసినవాళ్లు అబ్బ అనుకుని, లైకు కొట్టి, పైకి తోసేస్తారు. పూతరేకులు ఎలా చేస్తారో చూపించే వీడియో అనుకుంటారు తప్ప తమ ఇంటికి సంబంధించిన కబురు అనుకోరు.

మూడోది ఇంటి వైపు నుంచి. ఈ పెట్టె ఎవరు కొంటారు? కూతురూ అల్లుడూ వస్తున్న ఇంటావిడ. ఆవిడ దిగులేంటి? అరిసెలు వండాలి, పాకం కుదరాలి. లేతగా దించితే అరిసె నూనెలో విచ్చిపోతుంది, ముదిరితే రాయై కూర్చుంటుంది. ఇంట్లో పాకం పట్టడం వచ్చిన పెద్దావిడకి ఇప్పుడు పొయ్యి దగ్గర నిలబడే ఓపిక లేదు, వయసులో ఉన్నవాళ్లకి చేయి తిరగలేదు. అక్కడ గుచ్చండి.

"ఈ సంక్రాంతికి మీ ఇంటికి కొత్తల్లుడు వస్తున్నాడా? అయితే అరిసెలు ఎవరు వండుతారు అని ఆలోచిస్తున్నారా?" ఇది మొదటి ముసాయిదా. పైకి చదివితే ఆరేడు సెకన్లు పడుతుంది. ఈలోగా వేలు కదిలిపోతుంది. కొట్టేద్దాం. "ఈ సంక్రాంతికి" తీసేయండి, జనవరిలో ఇంకే పండగ అనుకుంటారు? "మీ ఇంటికి" అక్కర్లేదు. "ఆలోచిస్తున్నారా" అన్నది యాంకరమ్మ మాట, ఇంట్లో ఎవరూ అలా మాట్లాడుకోరు. "అరిసెలు ఎవరు వండుతారు" కన్నా "పాకం ఎవరు పడతారు" అన్నది పదునుగా ఉంది, ఎందుకంటే అరిసెలు వండేవాళ్లకి భయం ఉండేది ఆ ఘడియ దగ్గరే. మిగిలింది:

"అల్లుడొస్తున్నాడు. పాకం ఎవరు పడతారు?"

నాలుగు మాటలు, రెండున్నర సెకన్లు. అల్లుడి సంబరాల వీడియోలు ప్రతి సంక్రాంతికీ గోదావరి జిల్లాల నుంచి కుప్పలుగా వస్తాయి. వందల రకాలు వడ్డించిన బల్ల, మధ్యలో ఇబ్బందిగా నవ్వుతున్న అల్లుడు. మనమూ ఆ బల్లనే మొదటి దృశ్యంగా పెడితే ఆ కుప్పలో కలిసిపోతాం. పాకం దగ్గర మొదలుపెట్టింది అందుకే. కోడిపందేల జోలికి మాత్రం పోకండి. పండగ కళ వస్తుందని చాలామంది ఆ బిట్లు అతికిస్తారు. పందేలు చట్టం ఒప్పుకోనివి, పైగా జీవహింస కింద వీడియోని తొక్కేసే ప్రమాదమూ ఉంది.

మాట కుదిరాక దానికి బొమ్మ. ఇక్కడ ఒక నియమం పెట్టుకోండి: మొదటి మూడు సెకన్లలో చెవికి ఏది వినబడుతుందో కంటికీ అదే కనబడాలి. పాకం అని వినిపిస్తూ పూతరేకుల కుండ చూపిస్తే బుర్ర రెండింటి మధ్య ఊగి, దేన్నీ పట్టుకోదు. కాబట్టి మొదటి ఫ్రేము పాకమే. స్టీలు పళ్లెంలో నీళ్లు, గరిటె నుంచి అందులోకి జారిన బెల్లం పాకం చుక్క, గాజుల చేతి వేలు దాన్ని నీళ్లలోనే దగ్గరకి తోసి ఉండ చేసి చూడటం. తెరంతా అదే. ముఖం అక్కర్లేదు. అరిసెలు వండే ఇంట్లో పుట్టినవాళ్లు ఎవరైనా ఆ వేలు చూసి ఆగుతారు, ఉండ కట్టిందా లేదా అని.

దాని మీద తెలుగు అక్షరాలు: "పాకం ఎవరు పడతారు?" అంతే. బస్సులో, పక్కన పిల్లలు పడుకున్నప్పుడు శబ్దం తీసేసి చూసేవాళ్లు బోలెడు మంది. వాళ్లకి హుక్ అంటే ఆ అక్షరాలే. అవి మొదటి ఫ్రేములోనే ఉండాలి. ఎగురుకుంటూ, తిరుగుకుంటూ వచ్చేలోపు సెకను పోతుంది.

మొత్తం స్క్రిప్టు

స్క్రిప్టుని ప్రతి ముక్కకీ మూడు సంగతులతో రాయండి: ఏం కనబడుతుంది, ఏం వినబడుతుంది, తెర మీద ఏ అక్షరాలు. మాటలు మాత్రం రాసే భాషలో కాదు, నోటి భాషలో. "మా వద్ద అన్ని రకముల స్వీట్లు లభించును" అన్నది బోర్డు మీద రాసే భాష, అది వినిపిస్తే రీల్ కాస్తా ఆటో మైకు అవుతుంది. అంకెలు కూడా అక్షరాల్లో రాయండి. 1,290 అని రాస్తే చదివేవాళ్లు మైకు ముందు ఒక్క క్షణం తడబడతారు.

0 నుంచి 3 సెకన్లు. పళ్లెంలో పాకం, వేలు. ఇంటావిడ గొంతు: "అల్లుడొస్తున్నాడు. పాకం ఎవరు పడతారు?" అక్షరాలు: పాకం ఎవరు పడతారు?

3 నుంచి 6. దుకాణం వంటగది. పెద్ద కళాయిలో పాకం, అందులోకి తడిపిండి పడటం, తెడ్డుతో కలుపుతున్న చేతులు. దుకాణం ఆయన గొంతు: "కంగారు పడకండి పిన్నిగారూ, మేం పడతాం." అక్షరాలు ఏమీ వద్దు.

6 నుంచి 12. కుండ మీద నుంచి రేకు లేవడం, నెయ్యి రాయడం, మడత. "జనవరి ఎనిమిదిలోపు సారె పెట్టె బుక్ చేస్తే, పది నేతి పూతరేకులు ఊరికే." అక్షరాలు: జనవరి 8లోపు బుక్ చేస్తే 10 పూతరేకులు ఉచితం.

12 నుంచి 20. పైనుంచి చూస్తున్నట్టు ఖాళీ పెట్టె. ఒక్కొక్కటీ వచ్చి పడుతుంది. "కిలో అరిసెలు, కిలో సున్నుండలు, అరకిలో జంతికలు. అన్నీ కలిపి పన్నెండు వందల తొంభై." అక్షరాలు: ₹1,290.

20 నుంచి 26. పెట్టెకి తాడు కట్టడం, దుకాణం బోర్డు. "ప్రొఫైల్లో లింకు నొక్కి వాట్సాప్ చేయండి. పన్నెండు నుంచి రావులపాలెం షాపులో తీసుకోండి." అక్షరాలు: దుకాణం పేరు, రావులపాలెం, నంబరు.

26 నుంచి 29. ఇంటావిడ పెట్టె అందుకుంటుంది. దుకాణం ఆయన, గొంతు తగ్గించి: "అడిగితే మీరే పట్టారని చెప్పండి పిన్నిగారూ."

మొత్తం 45 మాటలు. తెలుగు మాటలు పొడుగు, సెకనుకి రెండు మాటలకి మించి సాఫీగా పలకలేం. ఆ లెక్కన 22, 23 సెకన్ల మాట, మిగతాది ఊపిరికి, పాకం చప్పుడుకి. మీ స్క్రిప్టు 60 మాటలు దాటిందంటే తుడిచేయాల్సింది ఉందన్నమాట. వేగంగా చదివించి సరిపెట్టకండి. కాగితం మీద లెక్క కన్నా, ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకుని గట్టిగా చదివి చూసుకోవడం నమ్మకం.

ఆఫర్ ఆరో సెకనుకే వచ్చేసింది గమనించండి. పెట్టెలో ఏముందో ముందు వివరంగా చెప్పి, ఆఫర్ని కొసరుగా చివర చెప్పడం అందరికీ అలవాటు. దుకాణంలో బేరం అలాగే నడుస్తుంది కూడా. కానీ ఇక్కడ ఎదురుగా కూర్చున్న మనిషి లేడు, చూసేవాళ్లు ఎప్పుడైనా పైకి తోసేసి వెళ్లిపోతారు. హుక్ అడిగిన ప్రశ్నకి వెంటనే జవాబు, ఆ వెంటనే ఆఫర్. వివరాలు ఆ తర్వాత, వినాలనుకున్నవాళ్లకి.

చివర్లో "మీరే పట్టారని చెప్పండి" అన్న వాక్యం ఎందుకంటారా? దాంతో అమ్మకం ఏమీ జరగదు. కానీ నవ్వొస్తుంది, నవ్వొస్తే అక్కకో వదినకో పంపిస్తారు. పైగా అది మళ్లీ పాకం దగ్గరికే వెళ్తుంది కాబట్టి వీడియో మొదటికి తిరిగినప్పుడు అతుకు కనబడదు.

యాస గురించి ఒక మాట. దుకాణం ఆయన మాటల్లో గోదావరి సాగతీత దానంతటదే ఉంటుంది. దాన్ని ఇంకా పెంచి, ప్రతి వాక్యం చివరా "ఆయ్" తగిలించి, సినిమాల్లో చూపించినట్టు చేయమంటే మన ఊరివాళ్లకే వెగటు పుడుతుంది. ఆయన రోజూ గల్లాపెట్టె దగ్గర ఎలా మాట్లాడతాడో అలాగే మాట్లాడమనండి. పెద్దావిడని "పిన్నిగారూ" అనడం అక్కడ నుంచే వచ్చింది. "మేడమ్" అంటే ఆ ఆఖరి వాక్యం చచ్చిపోతుంది.

తీసేటప్పుడు స్క్రిప్టుని చెడగొట్టేవి

ఫోన్ నిలువుగానే పట్టుకోండి, కొలత 1080 × 1920. అడ్డంగా తీసి పక్కలు కోసేద్దామనుకుంటే పళ్లెంలో వేలు ఉంటే పాకం ఉండదు. వంటగదిలో తీసేటప్పుడు ప్రతి ముక్కకీ ముందు లెన్సు తుడవండి, నూనె ఆవిరి పట్టి బొమ్మ మసకబారుతుంది. తీసేవాళ్లకి అది చిన్న తెరలో తెలియదు.

గొంతులు వంటగదిలో రికార్డు చేయకండి. పొయ్యి హోరులో సగం మాటలు పోతాయి. తలుపులు వేసిన గదిలో, ఫ్యాను ఆపి, ఫోన్ని నోటికి జానెడు దూరంలో పెట్టి విడిగా తీసుకోండి. వంటగదిలో మాత్రం చప్పుళ్లు తీసుకోండి: నూనెలో అరిసె వేసినప్పటి చర్రుమనే మోత, కుండ మీద గుడ్డ లాగినప్పటి చుయ్ మనే శబ్దం. అవి కింద వినబడుతుంటే పాట అవసరం పెద్దగా ఉండదు. బిజినెస్ అకౌంటుకి ఇన్‌స్టాగ్రామ్‌లో సినిమా పాటలు చాలామటుకు కనబడవు. దొంగదారిన అతికిస్తే పండగ మధ్యలో వీడియో శబ్దం పోయి కూర్చుంటుంది.

అక్షరాల దగ్గర రెండు జాగ్రత్తలు. తెర ఎత్తుని ఐదు భాగాలు చేసుకుంటే అడుగు భాగం అంతా క్యాప్షన్ కింద పోతుంది. కుడి అంచున లైకు, షేరు గుర్తులు ఉంటాయి, పైన కూడా కాస్త పోతుంది. మీ ₹1,290 అక్కడ పడితే ఎవరికీ కనబడదు. నడిమి భాగంలోనే పెట్టండి. రెండోది, కొన్ని ఎడిటింగ్ యాప్‌లలో తెలుగు ఒత్తులు విడిపోతాయి. "సంక్రాంతి" రాసి క్రావడి సరిగ్గా కూర్చుందో లేదో చూడండి. అక్కడ విరిగితే ఆ ఫాంటు వదిలేయండి. రామభద్ర లాంటి లావు అక్షరాల ఫాంటు చిన్న తెర మీద కూడా చదవడానికి వీలుగా ఉంటుంది. సన్నటి వంకీల అక్షరాలు శుభలేఖకి బాగుంటాయి.

పెట్టే ముందు ఒక పరీక్ష

దుకాణంతో సంబంధం లేని మనిషిని పట్టుకోండి, పక్కింటావిడైనా సరే. శబ్దం తీసేసి మొదటి మూడు సెకన్లు చూపించి ఫోన్ లాగేసుకోండి. "ఏం చూశారు?" అని అడగండి. "అరిసెల పాకం, ఎవరు పడతారని ఏదో" అంటే హుక్ నిలబడింది. "ఏదో వంట" అంటే అక్షరాలు కనపడలేదు, లేదా కెమెరా దూరంగా ఉంది. తర్వాత మొత్తం చూపించి, ఎప్పటిలోగా బుక్ చేయాలో, ఎక్కడ తీసుకోవాలో అడగండి. తారీకు చెప్పలేకపోతే ఆ వాక్యంలో ఏదో బరువెక్కువైంది. బాగుందా అని మాత్రం అడగకండి, మన వైపు బాగాలేదని మొహం మీద చెప్పేవాళ్లు తక్కువ.

పెట్టేది ఆఖరు తారీకుకి పది పన్నెండు రోజుల ముందు. జనవరి 8కి అయితే డిసెంబరు చివరి వారం. రీల్ తిరగడానికి రోజులు పడుతుంది, ఇంట్లో అడిగి తేల్చుకోవడానికి ఇంకో రెండు రోజులు. జనవరి 6న పెట్టి వ్యూస్ రాలేదంటే తప్పు వీడియోది కాదు. ఊరి ట్యాగు తప్పకుండా పెట్టండి, రావులపాలెం, కొత్తపేట చుట్టుపక్కల వాళ్లు చూస్తేనే పెట్టెలు కదులుతాయి. డబ్బిచ్చి ఏదైనా లోకల్ పేజీ వాళ్లతో వేయిస్తే అది ప్రకటన అని వాళ్లు ఆ పోస్టులోనే చెప్పాలి.

రెండు రోజులయ్యాక లెక్కలు చూడండి. ఇన్‌స్టాగ్రామ్ ఇన్‌సైట్స్‌లోనూ యూట్యూబ్ స్టూడియోలోనూ ఏ సెకనులో ఎంతమంది మిగిలారో చూపించే గీత ఉంటుంది. మొదటి మూడు సెకన్లలోనే గీత నిట్టనిలువుగా పడిపోతే హుక్ మార్చాలి. మిగతా వీడియో ముట్టుకోకుండా, పక్కన పెట్టిన పూతరేకుల కుండతోనో ధరతోనో కొత్త తల అతికించి మళ్లీ పెట్టండి. మూడు హుక్‌లు రాయమన్నది ఇందుకే, మూడూ ఒకే రోజు తీసి ఉంచుకుంటే పండగ హడావుడిలో మళ్లీ కళాయి ఎక్కించే పని తప్పుతుంది. గీత బాగానే నడిచి 12 దగ్గర జారితే పెట్టె నింపే ముక్క సాగింది, రెండు సెకన్లు కోసేయండి.

గీత చివరిదాకా బాగుండి, saare మెసేజులు మాత్రం రాకపోతే స్క్రిప్టుని తిట్టకండి. ముందు ప్రొఫైల్లో లింకు మీరే నొక్కి చూడండి. నంబరులో అంకె తప్పుంటే దుకాణం చాట్ తెరుచుకోదు. అది సరిగ్గా ఉంటే కామెంట్లు చదవండి. "హైదరాబాద్ పంపిస్తారా" అన్న ప్రశ్నలే ఎక్కువుంటే వీడియో దూరం వాళ్లకి చేరింది, కొనేవాళ్లకి కాదు. పూతరేకులు బస్సు పార్సిల్లో నలిగి పొడైపోతాయి కాబట్టి పంపలేమని చెప్పేయడమే మంచిది, ఆ జవాబునే కామెంట్లలో పైకి పిన్ చేయండి.

మెసేజులు వస్తున్నాయంటే ఇంకో పని మొదలైనట్టు. జవాబివ్వడానికి ఒక మనిషి కూర్చోవాలి. పొద్దున్న వచ్చిన మెసేజుకి రాత్రి జవాబిస్తే ఈలోగా ఆవిడ వీధి చివర దుకాణంలో చెప్పేసి ఉంటుంది. పెట్టె వివరాలు, ధర, అడ్వాన్సు ఎంత, తీసుకునే తారీకు, ఇవన్నీ ఒక మెసేజుగా ముందే రాసి పెట్టుకోమని దుకాణం ఆయనకి చెప్పండి. వాట్సాప్ బిజినెస్‌లో క్విక్ రిప్లైగా దాచుకోవచ్చు.

జనవరి 9 పొద్దున్నే క్యాప్షన్ మార్చండి: ముందస్తు బుకింగులు అయిపోయాయి, పూతరేకుల ఆఫర్ ముగిసింది, సారె పెట్టె మాత్రం ₹1,290కే దొరుకుతుంది అని. తెర మీద అక్షరాలు ఇక మారవు, అందుకే అదే మాట కామెంటులో కూడా పిన్ చేయండి. ప్రొఫైల్ లింకులో saare తీసేసి మామూలు లింకు పెట్టండి. కనుమ వెళ్లేదాకా ఆ వీడియో ఎవరో ఒకరికి కనబడుతూనే ఉంటుంది, వాళ్లలో సగం మంది పూతరేకులేవని అడుగుతారు.